స్టేజీ ఫోటోలో సిమెట్రీ చూడటం ఎలా?

చాలా బాడీబిల్డింగ్ పోటీల్లో జడ్జీలు ముందుగా కండలు బిగించమనరు. చేతులు పక్కకు వదిలి, మడమలు దగ్గరగా పెట్టి తిన్నగా నిలబడమంటారు. తర్వాత పావు వంతు తిరగమంటారు, మళ్లీ పావు వంతు, అలా నాలుగు వైపులా చూస్తారు. కుడి ఎడమలు సమానంగా ఉన్నాయా, భుజాలకు తగ్గ తొడలు, తొడలకు తగ్గ పిక్కలు ఉన్నాయా అన్నది తేలేది అక్కడే. మొదటిది సిమెట్రీ, రెండోది పొందిక. డబుల్ బైసెప్స్, లాట్ స్ప్రెడ్, సైడ్ చెస్ట్ లాంటి పోజులు ఆ తర్వాత వస్తాయి.

ఫోన్లలో తిరిగే ఫోటోలు మాత్రం దాదాపుగా ఈ రెండో భాగానివే. వాటిని చూసి ‘ఎడమ చెయ్యి చిన్నది’, ‘కాళ్లు లేవు’ అని జనం తీర్పు చెప్పేస్తుంటారు. ఆ తీర్పు సగం సార్లు ఆ మనిషి శరీరం గురించి కాదు. ఆ క్షణాన కండలోకి చేరిన రక్తం, అతను నిలబడ్డ తీరు, పైనుంచి పడ్డ వెలుతురు కలిసి చూపించినదాని గురించి. ఈ మూడింటినీ తీసేసి చూడటం నేర్చుకుంటే ఫోటో నుంచి నిజంగానే చాలా తెలుస్తుంది.

పంప్ సంగతి ముందు చూద్దాం. స్టేజీ ఎక్కే ముందు తెర వెనక పోటీదారులు రబ్బరు బ్యాండ్లు లాగుతారు, పుషప్స్ తీస్తారు, చిన్న డంబెల్స్ ఆడిస్తారు. పనిచేస్తున్న కండకు రక్తం ఎక్కువగా వస్తుంది, అందులోని నీరు కొంత కండలోకి ఊరుతుంది, కండ ఉబ్బుతుంది. ఆపేశాక మెల్లగా దిగిపోతుంది. ఇందులో గమనించాల్సింది, ఈ ఉబ్బు ఒళ్లంతా ఒకేలా ఉండదు. చేతులు, భుజాలు, ఛాతీ, మన జిమ్ముల్లో వింగ్స్ అని పిలిచే వీపు కండలు, వీటికే ఎక్కువగా పంప్ చేస్తారు. తొడల జోలికి పెద్దగా పోరు. అంత పెద్ద కండను అలసిపోనిస్తే స్టేజీ మీద కాళ్లు వణుకుతాయి, పట్టేస్తాయి, కష్టపడి తెచ్చుకున్న కటింగ్ కూడా మసకబారుతుంది. కాబట్టి స్టేజీ ఫోటోలో పై శరీరం ఉబ్బిన స్థితిలో, కాళ్లు మామూలు స్థితిలో ఉంటాయి. కాళ్లు కొంచెం తక్కువగా కనబడితే ఆ కొంచెం పంప్ వల్ల వచ్చిన తేడా కావచ్చు. ఇంకొకటి, చిన్నగా ఉన్న చేతికి తెర వెనక రెండు సెట్లు ఎక్కువ కొట్టేవాళ్లుంటారు. స్టేజీ మీద సమానంగా కనిపించిన చేతులు మర్నాటి పొద్దునకి సమానంగా ఉండకపోవచ్చు.

పోజు చేసే పని ఇంతకంటే సూక్ష్మం. బరువంతా ఒక కాలి మీద వేసి నిలబడితే రెండో వైపు తుంటి కిందికి జారుతుంది. దాన్ని సరిచేయడానికి వెన్ను వంగుతుంది, బరువున్న వైపు భుజం దిగుతుంది, ఆ వైపు నడుము ముడుచుకుంటుంది. అప్పుడు ఒక వింగ్ పొడుగ్గా, రెండోది పొట్టిగా కనబడుతుంది. ఇది కండలో లోపం కాదు. ఇలా జరిగిందా లేదా తెలుసుకోవాలంటే భుజాల మధ్య కాలరు ఎముకల గీత, రెండు మోకాళ్ల ఎత్తు చూడాలి. వెనక ఫోటో అయితే నడుము కింద రెండు గుంటలుంటాయి, అవి ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూడాలి. అవి వాలి ఉంటే వింగ్స్ గురించి ఆ ఫోటోలో మాట్లాడకపోవడమే మంచిది.

నడుము తిప్పడం ఇంకో విద్య. నడుము గుండ్రంగా ఉండదు, ముందు నుంచి వెడల్పుగా, పక్క నుంచి సన్నగా ఉంటుంది. 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న నడుమును 30 డిగ్రీలు తిప్పితే కెమెరాకు దాదాపు 28 సెంటీమీటర్లే కనిపిస్తుంది. భుజాలు మాత్రం తిన్నగా కెమెరా వైపే ఉంచితే వాటి వెడల్పు తగ్గదు. ఒక్క గ్రాము మారకుండానే వి ఆకారం మెరుగుపడుతుంది. దీన్ని మోసం అనను, పోజింగ్ అంటేనే అది. కానీ చూసేవాళ్లకు తెలియాలి. బొడ్డు నుంచి నడుము కుడి అంచుకీ, ఎడమ అంచుకీ ఉన్న దూరాలు పోల్చండి. తేడా ఉంటే నడుము తిరిగినట్టే.

1977, 78, 79లలో వరసగా మిస్టర్ ఒలింపియా గెలిచిన ఫ్రాంక్ జేన్ ఇందుకు మంచి ఉదాహరణ. తనకంటే బరువైనవాళ్లను దాటి గెలిచిన అతన్ని పొందికకు కొలమానంగా ఇప్పటికీ చూపిస్తారు. అతని పేరు చెబితే గుర్తొచ్చేది చేతులు తల వెనక పెట్టి, ఊపిరి వదిలేసి పొట్టను లోపలికి లాగేసిన వ్యాక్యూమ్ పోజు. ఆ పోజులో పక్కటెముకలు పైకి లేస్తాయి, పొట్ట గోడ లోపలికి పోతుంది. అందులో కనిపించే నడుము ఆ కొన్ని క్షణాల నడుము మాత్రమే. జేన్ నడుముకీ భుజాలకీ ఉన్న అసలు సంబంధం తెలియాలంటే అతను మామూలుగా నిలబడ్డ ఫోటోలే చూడాలి. వాటిలోనూ అతను గొప్పగానే ఉంటాడు, అందుకే అతని ఖ్యాతి నిలిచింది.

వెలుతురు దగ్గర జనం ఎక్కువగా పొరబడతారు. స్టేజీ లైట్లు పైనుంచి, కొంచెం ముందు నుంచి పడతాయి. ఛాతీ కింద, పొట్ట గళ్ల మధ్య, భుజం అంచున నీడలు పడి కండ లోతుగా కనబడుతుంది. ఒంటికి పూసుకునే ముదురు రంగు దీనికి తోడవుతుంది. పిక్కల దాకా వచ్చేసరికి ఆ వెలుతురు పలచబడుతుంది. లైటు ఒక పక్క నుంచి ఎక్కువగా పడితే ఇంకో చిక్కు. నీడ వైపున్న చెయ్యి అంచు వెనకున్న నల్ల తెరలో కలిసిపోతుంది, చెయ్యి సన్నబడినట్టు ఉంటుంది. ముక్కు నీడ, గడ్డం నీడ ఎటు పడ్డాయో చూస్తే లైటు ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది. నా దృష్టిలో సిమెట్రీకి లోపలి గీతలను, నీడలను నమ్మకూడదు. స్పష్టంగా కనిపించే బయటి అంచును మాత్రమే నమ్మాలి.

ఇవన్నీ కలిసిన ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కుర్రాడివి మూడు స్టేజీ ఫోటోలు ఉన్నాయనుకోండి: ముందు నుంచి డబుల్ బైసెప్స్, వెనక నుంచి డబుల్ బైసెప్స్, చేతులు వదిలి నిలబడ్డ వెనక ఫోటో. ‘ఎడమ చెయ్యి చిన్నది, పిక్కలు బలహీనం’ అని అందరూ అంటున్నారు. మొదటి పని, అతని నిక్కరుకు గుచ్చిన నంబరు చదవడం. అంకెలు తిరగబడి ఉంటే ఫోటో అద్దంలోలా తారుమారైందన్నమాట, కుడి ఎడమవుతుంది. ఇక్కడ అంకెలు సరిగ్గానే ఉన్నాయి.

ముందు ఫోటోలో తెర మీద స్కేలు పెట్టి కొలిస్తే కుడి చెయ్యి 22 మిల్లీమీటర్లు, ఎడమ చెయ్యి 20. అంటే ఎడమది సుమారు తొమ్మిది శాతం తక్కువ. కానీ బొడ్డుకు రెండు వైపులా దూరాలు సమానంగా లేవు. అతను కొంచెం తిరిగి ఉన్నాడు, ఎడమ మోచెయ్యి వెనక్కి ఉంది. కెమెరా 3 మీటర్ల దూరంలో ఉండి, ఆ చెయ్యి 15 సెంటీమీటర్లు వెనక ఉంటే అది దాదాపు ఐదు శాతం చిన్నగా పడుతుంది. సగం తేడా అక్కడికే పోయింది. ముక్కు నీడ ఎడమ వైపు ఉంది కాబట్టి ఆ చెయ్యి అంచు చీకట్లో కొంత కరిగింది. పైగా ఎడమ మోచెయ్యి కుడిదానంత ముడవలేదు, కండ పూర్తిగా గుట్టకట్టలేదు. మిగిలిన తేడా చెప్పుకోదగ్గది కాదు. వెనక నుంచి తీసిన డబుల్ బైసెప్స్‌లో అతను తిరిగి నిలబడ్డాడు కాబట్టి ఎడమ చెయ్యి ఇప్పుడు లైటు వైపుకు వచ్చింది. అక్కడ రెండూ 21. చెయ్యి నిజంగానే చిన్నదైతే ఫోటోలో ఎటు మారినా చిన్నగానే ఉండాలి. కాబట్టి ఆ ఆరోపణ నిలవదు.

అయితే ముందు ఫోటోలో ఇంకొకటి కనబడింది. ఎడమ మోచేతి ముడత నుంచి బైసెప్స్ మొదలయ్యే చోటికి ఖాళీ ఎక్కువ. చేతులు ముడిచిన అతని వేరే ఫోటోలన్నింటిలోనూ అలాగే ఉంటే అది కండ ఎముకకు అతుక్కున్న చోటు. పుట్టుకతో వచ్చింది, పంప్‌తో గానీ ఎక్సర్‌సైజుతో గానీ మారదు. పొట్ట గళ్లు ఎత్తుపల్లాలుగా ఉండటమూ ఇలాంటిదే. వీటిని శిక్షణ లోపంగా లెక్కగట్టడం అన్యాయం.

పిక్కల మాట వేరు. చేతులు వదిలిన వెనక ఫోటోలో మోకాలు 11 మిల్లీమీటర్లు, పిక్క బాగా వెడల్పుగా ఉన్న చోట 12. రెండు కాళ్లకూ అంతే. మోకాలు ఎముక, దానికి పంప్ ఎక్కదు. మోకాలూ పిక్కా కెమెరాకు ఇంచుమించు ఒకే దూరంలో ఉంటాయి. భుజాలు చూస్తే మోకాలికి ఎన్నో రెట్లు విశాలంగా ఉన్నాయి. ఇక్కడ జనం చెప్పింది నిజం, పిక్కలు వెనకబడ్డాయి.

ఎముకను కొలబద్దగా పెట్టుకునే ఈ పద్ధతి కొత్తది కాదు. 1947లో మిస్టర్ అమెరికా, 1950లో మిస్టర్ యూనివర్స్ అయిన స్టీవ్ రీవ్స్ మణికట్టును బట్టి చెయ్యి, చీలమండను బట్టి పిక్క ఎంతుండాలో లెక్క చెప్పాడు. చెయ్యి మణికట్టుకు 252 శాతం, పిక్క చీలమండకు 192 శాతం అన్నాడు. అవి టేపు చుట్టి తీసే కొలతలు. ఫోటోలో మనకు దొరికేది వెడల్పు మాత్రమే కాబట్టి ఆ శాతాలను ఫోటో మీద నేరుగా వాడకూడదు. ఆలోచన మాత్రం పనికొస్తుంది: మోకాలు, మణికట్టు, తల, ఇవి మారవు, మిగతావి వీటితో పోల్చాలి.

కెమెరా ఎత్తు, దూరం కూడా చూసుకోవాలి. స్టేజీ కింద ముందు వరసలో కూర్చుని దగ్గర నుంచి తీస్తే కాళ్లు పెద్దవై, తల, భుజాలు చిన్నవవుతాయి. 2 మీటర్ల నుంచి తీసినప్పుడు 30 సెంటీమీటర్లు ముందుకు చాచిన తొడ దాదాపు 18 శాతం పెద్దగా కనబడుతుంది. అదే 8 మీటర్ల నుంచి నాలుగు శాతమే. ఒక తొడ ముందుకు పెట్టిన ఫోటోలో తొడలను పోల్చడం దండగ అనేది అందుకే.

ఇంత చేసినా ఫోటో చెప్పలేనివి ఉంటాయి. అసలు సైజు ఎంత, ఛాతీ మందం ఎంత అన్నవి ఒక్క ముందు ఫోటో నుంచి తేలవు. నా లెక్కలో కండ అతుక్కున్న చోటు, ఆకారం విషయంలో ఫోటోను ధైర్యంగా నమ్మొచ్చు. కుడి ఎడమల తేడాను రెండు మూడు ఫోటోల్లో కనిపిస్తేనే నమ్మాలి. పై శరీరానికీ కాళ్లకూ మధ్య పొందికను స్టేజీ ఫోటోలతో మాత్రమే తేల్చకూడదు.

మీ శరీరం గురించి ఎవరినైనా అభిప్రాయం అడగాలనుకుంటే స్టేజీ ఫోటోతో పాటు ఇంకో నాలుగు పంపండి. జిమ్‌కు వెళ్లకముందు, నాలుగైదు మీటర్ల దూరంలో, బొడ్డు ఎత్తున కెమెరా పెట్టి, వెలుతురు ముందు నుంచి రెండు వైపులా సమానంగా పడేలా చూసుకుని, రెండు కాళ్ల మీదా సమంగా బరువు వేసి నిలబడండి. చేతులు వదిలేసి ముందు, వెనక, రెండు పక్కలా తీయించుకోండి. మూడు నెలల తర్వాత అదే చోట, అదే దూరంలో మళ్లీ తీయించుకుని పక్కపక్కన పెట్టి చూపించండి.