నవాంశలో నిమిషం తేడా

పాత జాతకం పుస్తకం తెరిస్తే రెండు చక్రాలు పక్కపక్కనే కనిపిస్తాయి. నాలుగు మూలలా పసుపు రాసిన కాగితం మీద పన్నెండేసి గళ్లు, గళ్లలో ల, చం, కు, గు, శు అని పొడి అక్షరాలు. మొదటిది రాశి చక్రం, రెండోది నవాంశ. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు చాలా ఇళ్లలో మొదటి చక్రం చూసి, గుణాలు ఎన్ని కలిశాయో లెక్కవేసి ఊరుకుంటారు. దాంపత్యం గురించి శాస్త్రం అడగమన్నది రెండో చక్రాన్ని.

నవాంశ అంటే రాశిలో తొమ్మిదో వంతు. 30 డిగ్రీల రాశిని తొమ్మిది చేస్తే ఒక్కో ముక్క 3 డిగ్రీల 20 నిమిషాలు. నక్షత్ర పాదం కొలతా ఇదే కాబట్టి, గ్రహం ఏ పాదంలో ఉందో తెలిస్తే దాని నవాంశ తెలిసినట్టే. రాశి చక్రం పెళ్లి యోగం ఉందా లేదా చెబుతుంది, ఆ యోగం ఎంత గట్టిదో నవాంశ చెబుతుంది. మొదటిదాంట్లో లేనిదాన్ని రెండోది పుట్టించదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అమ్మాయిది వృశ్చిక లగ్నం అనుకోండి. ఏడో ఇల్లు వృషభం, దాని అధిపతి శుక్రుడు. కళత్ర కారకుడూ ఆయనే. అంటే పెళ్లి బరువంతా ఒక్క గ్రహం మీదే పడింది. ఆ శుక్రుడు కన్యలో 8 డిగ్రీల దగ్గర ఉన్నాడు. కన్య శుక్రుడికి నీచ స్థానం. ఇక్కడే అమ్మాయి తల్లిదండ్రుల గుండెల్లో రాయి పడుతుంది, ‘శుక్రుడు నీచ’ అన్న ఒక్క మాటతో సంబంధాలు వెనక్కి పోతాయి కూడా.

ఇప్పుడు నవాంశ కడదాం. కన్యకు లెక్క మకరం నుంచి మొదలవుతుంది. మొదటి ముక్క మకరం, రెండోది కుంభం, 6 డిగ్రీల 40 నిమిషాల నుంచి 10 డిగ్రీల దాకా ఉన్న మూడోది మీనం. 8 డిగ్రీలు అందులోనే పడతాయి, అంటే ఉత్తర నాలుగో పాదం. మీనం శుక్రుడికి ఉచ్చ స్థానం. పైకి నీచగా కనిపించిన గ్రహం లోపల ఉచ్చలో ఉంది. మొదట్లో ఆలస్యాలు, సర్దుబాట్లు ఉన్నా, కాపురం నడిచేకొద్దీ బంధం గట్టిపడుతుందని ఇలాంటి శుక్రుణ్ణి చదువుతారు. దీన్ని తిరగేసినా అంతే. శుక్రుడు మీనంలో 8 డిగ్రీల దగ్గర ఉంటే రాశిలో ఉచ్చ, నవాంశలో కన్యకు వెళ్లి నీచ. ఆ జాతకం చూసి ఎవరూ భయపడరు, కానీ నేనైతే దాని దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను.

అసలు చిక్కు లగ్నంతో వస్తుంది. ఈ అమ్మాయి లగ్నం వృశ్చికంలో 9 డిగ్రీల 50 నిమిషాలు అనుకుందాం. నవాంశ లగ్నం కన్య అవుతుంది, దానికి ఏడో ఇల్లు మీనం, అక్కడ ఉచ్చ శుక్రుడు. ఇంతకంటే మంచి కళత్ర స్థానం కోరుకోలేం. కానీ లగ్నం 10 డిగ్రీలు దాటగానే నవాంశ లగ్నం తులకు మారుతుంది. అప్పుడు ఏడో ఇల్లు మేషం, శుక్రుడేమో ఆరో ఇంట్లో, కలహాల చోట. ఈ రెండు ఫలితాల మధ్య తేడా గడియారంలో ఒక నిమిషం కూడా ఉండదు.

నవాంశ లగ్నం సగటున 13 నిమిషాలకోసారి మారుతుంది. జాతకాల్లో రాసిన పుట్టిన వేళలు చూడండి: 2 గంటల 15 నిమిషాలు, 6 గంటల 40 నిమిషాలు. కాన్పు గదిలో బిడ్డను అందుకున్నాక ఎవరో గోడ గడియారం చూసి దగ్గరి అంకె చెప్పి ఉంటారు. అయనాంశతోనూ పేచీ ఉంది. లాహిరి లెక్కకూ, రామన్ లెక్కకూ సుమారు ఒకటిన్నర డిగ్రీ తేడా. మన అమ్మాయి లగ్నాన్ని తులకు తోసేయడానికి అది చాలు. శుక్రుడు మాత్రం రెండు లెక్కల్లోనూ మీనం వదలడు. పుట్టిన వేళ అటూ ఇటూ అయినా వదలడు, ఎందుకంటే మామూలు వేగంతో నడిచే శుక్రుడికి ఒక నవాంశ దాటడానికి రెండున్నర రోజుల పైనే పడుతుంది.

అందుకే నవాంశలో గ్రహం ఏ రాశిలో ఉందన్నదాన్ని ముందు నమ్ముతాను, ఎన్నో ఇంట్లో ఉందన్నది తర్వాత. ఇదంతా సంప్రదాయం కట్టిన లెక్క, ప్రయోగాలతో రుజువైంది కాదు. కాబట్టి అబ్బాయి గుణం, ఇద్దరి ఇష్టం పక్కన పెట్టి ‘నవాంశ సప్తమం బాగాలేదు’ అని సంబంధం వదులుకోమని ఎవరైనా చెబితే, ఆయన్ను ఒక్కటి అడగండి: ‘పంతులుగారూ, ఐదు నిమిషాలు ముందుకీ, ఐదు నిమిషాలు వెనక్కీ జరిపి మళ్లీ వేసి చూపిస్తారా?’ మూడు చక్రాల్లోనూ ఏడో ఇల్లు ఒకటే అయితే దాని గురించి మాట్లాడొచ్చు. మారిపోతుంటే ఏడో ఇంటిని వదిలి శుక్రుడి దగ్గరికే తిరిగి రావాలి.