ఆదివారం గడిలో అంకె

టీకా పాడవడమంటే ఎండకు పాడవడమనే మనలో చాలామంది అనుకుంటాం. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాల బాధ్యత చూసే ఫార్మసిస్టును అడిగితే, వేడి కన్నా గడ్డకట్టడమే ఎక్కువ భయమంటారు. వేడి తగిలితే సీసా మీదే గుర్తు కనిపిస్తుంది. లేబులు మీద ఒక వృత్తం, దాని మధ్యలో లేతరంగు చతురస్రం ఉంటాయి. వేడి తగిలేకొద్దీ చతురస్రం ముదురుతుంది. వృత్తం రంగుతో సమానమైతే ఇక ఆ సీసా వాడకూడదు. చలి సంగతి ఈ గుర్తుకు తెలియదు. రాత్రి గడ్డకట్టి, పొద్దున్నే కరిగిన సీసా మీద కూడా చతురస్రం తెల్లగానే ఉంటుంది.

పెంటావాలెంట్, హెపటైటిస్-బి, డీపీటీ వంటి టీకాల్లో మందు సన్నని అల్యూమినియం లవణపు రేణువులను అంటుకుని ఉంటుంది. గడ్డకడితే ఆ రేణువులు ముద్దలవుతాయి. మళ్లీ కరిగినా పాత స్థితికి రావు, టీకా పని చేయదు. బిడ్డకు సూది పడుతుంది, రక్షణ మాత్రం అందదు.

టీకాలుంచే పెట్టెను ఐఎల్ఆర్ అంటారు. దాని గోడల్లో మంచు పొర ఉంటుంది కాబట్టి రోజుకు 8 గంటలు కరెంటు ఉన్నా చల్లదనం నిలుస్తుంది. లోపల 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. పైమూత పెట్టెలో అడుగున చలి ఎక్కువ. అందుకే చలికి తట్టుకునే పోలియో చుక్కలు, ఎంఆర్ కింద, గడ్డకడితే పాడయ్యేవి పై బుట్టల్లో. వేసవిలో తిప్పిన థర్మోస్టాట్‌ను చలికాలంలో వెనక్కి తిప్పడం మరిచిపోతే చాలు, రాత్రిపూట లోపల సున్నా దాటి కిందికి పోవచ్చు.

పొద్దున, సాయంత్రం ఉష్ణోగ్రత చూసి పుస్తకంలో రాయాలన్న నియమం ఇందుకే. సెలవు రోజులకూ మినహాయింపు లేదు. ఆ పుస్తకం పక్కనే స్టాకు రిజిస్టరు ఉంటుంది. ఏ టీకా, ఎన్ని డోసులు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, వచ్చిన రోజు, ఇచ్చిన రోజు, మిగులు అన్నీ అందులో ఉంటాయి. ఈ రెండూ కలిపి చదివినప్పుడే అసలు విషయం తేలుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. శుక్రవారం రాత్రి పెంటావాలెంట్ మొదటి బ్యాచ్‌వి 18 సీసాలున్నాయి. సీసాకు 10 డోసులు. శనివారం పొద్దున్నే 4 సీసాలు గ్రామానికి వెళ్లాయి. సాయంత్రం ఒకటి మూత తీయకుండానే తిరిగొచ్చింది. మిగులు 15, అంటే 150 డోసులు. ఆ సాయంత్రం ఉష్ణోగ్రత 3 డిగ్రీలు. సోమవారం పొద్దున చూస్తే మైనస్ 1. అప్పుడు పెట్టె సరిచేశారు. అది మళ్లీ 2 డిగ్రీలు దాటాక, మధ్యాహ్నం రెండో బ్యాచ్‌వి 20 సీసాలు జిల్లా నుంచి వచ్చాయి.

రిజిస్టరులో మొత్తం 350 డోసులని ఒకే అంకె వేసి ఉంటే అన్నింటినీ అనుమానించాల్సిందే. బ్యాచ్‌వారీగా రాశారు కాబట్టి అనుమానం 150 డోసుల దగ్గరే ఆగింది. శనివారం గ్రామంలో వాడిన 3 సీసాలకూ ఈ మచ్చ లేదు, అవి అప్పటికే పెట్టె బయట ఉన్నాయి. తిరిగొచ్చిన ఆ ఒక్క సీసాకు మాత్రం ఉంది.

ఆ 15 సీసాలను విడిగా పెట్టి, ‘వాడరాదు’ అని రాసి, మెడికల్ ఆఫీసరుకూ జిల్లాకూ చెప్పాలి. కంటికి మంచు కనిపిస్తే పరీక్ష అక్కర్లేదు, పారేయడమే. కనిపించకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ‘షేక్ టెస్ట్’ ఉంది. అదే బ్యాచ్ సీసాను కావాలని గడ్డకట్టించి, కరిగించి, అనుమానపు సీసాతో కలిపి ఊపి పక్కపక్కనే పెట్టి అరగంట గమనిస్తారు. రెండింటిలోనూ మడ్డి ఒకే వేగంతో దిగితే అనుమానం నిజమైనట్టే. పోల్చే సీసా వేరే బ్యాచ్‌ది అయితే ఆ ఫలితానికి విలువ లేదు. అల్యూమినియం లేని ఐపీవీకి ఈ పరీక్షే పనికిరాదు.

గడువు తేదీ పని వేరు. ముందు ముగిసే బ్యాచ్ ముందు వాడాలి, అది తర్వాత వచ్చినా సరే. అయితే గడువు ఎక్కువున్న సీసా మీద చతురస్రం ముదురుతుంటే, గడువును పక్కనపెట్టి దాన్నే ముందు పంపాలి.

ఇప్పుడు చాలాచోట్ల ఇ-విన్ సెన్సర్లు ఉష్ణోగ్రతను గమనిస్తూ, హద్దు దాటితే ఫోనుకు కబురు పంపుతున్నాయి. ఆ ఉదాహరణలో ఆదివారం ఏ గంటకు సున్నా దాటిందో సెన్సరు చెప్పగలదు. సెన్సరు లేనిచోట, ఎవరూ చూడని రోజు గడిని ఖాళీగానే వదలాలి. సోమవారం పొద్దున కూర్చుని అందులో ‘4’ అని నింపడం కన్నా ఖాళీ గడే నయం. ఖాళీ గడి కనీసం అనుమానించమంటుంది.