హామ్‌స్టర్ చక్రం: ఆటా, అవస్థా?

ఒకప్పుడు మన ఇళ్లలో చిలకలనో, గాజు తొట్టిలో చేపలనో పెంచేవారు. ఇప్పుడు హోసూరు, బెంగళూరు అపార్టుమెంట్లలోని పిల్లలు హామ్‌స్టర్ కావాలంటున్నారు. మా ఇంటికీ పోయిన ఏడాది మనవరాలి పుట్టినరోజుకు ఒకటి వచ్చింది. గోధుమ రంగు బొచ్చుతో, అరచేతిలో ఇమిడేటంత ఉంటుంది. పగలంతా ముడుచుకుని నిద్రపోతుంది. రాత్రి తొమ్మిది దాటాక లేచి, పంజరంలోని ప్లాస్టిక్ చక్రం ఎక్కిందంటే తెల్లవారుజాము దాకా ఆగి ఆగి పరుగెడుతూనే ఉంటుంది.

మూడో రాత్రి మా ఇంటావిడ ఆ గరగర శబ్దానికి లేచి కూర్చుని, "పాపం, గానుగెద్దు మాదిరి తిరుగుతా ఉందండీ. బయటికి పోయే దారి వెతుక్కుంటున్నట్టుంది. ఆ చక్రం తీసేయండి" అన్నారు. మాకూ నిజమేననిపించింది. మనవరాలు ఏడుస్తున్నా మరునాడు చక్రం తీసేశాము. నాలుగైదు రోజులకు అది పంజరం కమ్మీలను పళ్లతో కొరకడం మొదలుపెట్టింది. ఒకే మూలన గంటల తరబడి కొరికేది. ముక్కు మీద బొచ్చు రాలిపోయింది. జాలిపడి చేసిన పని దాన్ని మరింత కష్టపెట్టిందని అప్పుడు అర్థమైంది. ఆ తరువాత ఈ విషయం మీద చదివి తెలుసుకున్నది ఇక్కడ చెబుతున్నాము.

మొదట తేల్చుకోవలసింది ఒకటే. పంజరంలో పెట్టినందువల్లనే అది పరుగెడుతోందా? గానుగెద్దు తనంతట తాను తిరగదు. మెడ మీద కాడి ఉంటుంది, వెనుక మనిషి ఉంటాడు. హామ్‌స్టర్‌ను తోలేవారెవరూ లేరు. అయినా నాలుగు గోడల మధ్య ఉన్న ప్రాణి పిచ్చెత్తి తిరుగుతోందేమోనన్న అనుమానం శాస్త్రవేత్తలకూ చాలాకాలం ఉండేది. గోడలు లేనిచోట చక్రం పెట్టి చూస్తే తప్ప ఆ అనుమానం తీరదు.

నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో యోహానా మేయర్, యూరి రాబర్స్ అనే ఇద్దరు సరిగ్గా ఆ పనే చేశారు. ఊరిలో పచ్చని చెట్లున్న ఒక చోట, జనం తిరగని ఇసుక దిబ్బల్లో మరో చోట చక్రాలు పెట్టి, దగ్గర కొంచెం మేత వేసి, కెమెరాలు అమర్చారు. అడవి ఎలుకలు తమంతట తామే వచ్చి చక్రమెక్కి పరుగెత్తాయి. కొన్ని దిగి వెళ్లి, కాసేపటికే తిరిగి వచ్చి మళ్లీ ఎక్కాయి. ఒక ఎలుక అయితే ఏకంగా 18 నిమిషాలు పరుగెత్తింది. కప్పలు, నత్తల జాతి పురుగులు కూడా చక్రాన్ని కదిపాయి. మేత పెట్టడం మానేశాక వచ్చే ఎలుకల సంఖ్య తగ్గింది గానీ, పరుగు ఆగలేదు. ఈ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. అవి హామ్‌స్టర్లు కావు, చిట్టెలుకలు. అయినా బంధించి ఉంచితేనే చక్రం తిప్పుతాయన్న మాట నిలవదని దీనితో తేలింది.

ఇక ఇష్టం సంగతి. ఒక మీట నొక్కితేనే చక్రం తిరిగేలా అమర్చినప్పుడు, ఎలుకలూ హామ్‌స్టర్లూ మళ్లీ మళ్లీ ఆ మీట నొక్కి చక్రాన్ని సంపాదించుకున్నాయి. మేత కోసం ఎలా పాటుపడతాయో దీనికీ అలాగే పాటుపడ్డాయన్నమాట. రెండు సైజుల చక్రాలు పెట్టి చూస్తే, 23 సెంటీమీటర్లదాని కంటే 35 సెంటీమీటర్లదాన్నే ఎక్కువగా ఎంచుకున్నాయి. వద్దనుకునే పని కోసం ఏ ప్రాణీ ఇలా బేరమాడదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో చేసిన పరిశీలనలో, తిరిగే చక్రం ఉన్న హామ్‌స్టర్లు కమ్మీలను తక్కువగా కొరికాయి. మా ఇంట్లో జరిగినదానికి జవాబు అక్కడే దొరికింది.

అయితే కథ ఇక్కడితో అయిపోలేదు. ఎంత ఎక్కువ పరుగెత్తితే అంత ఆనందంగా ఉన్నట్టని లెక్క కట్టకూడదు. ఇళ్లలో పెంచే ఈ గోధుమ రంగు జాతి సిరియా దేశపు అలెప్పో ప్రాంతానిది. 1930లో అక్కడి పొలంలో తవ్వి తీసిన ఒక తల్లి, దాని పిల్లల నుంచే ఇప్పుడు పెంపకంలో ఉన్న వంశం దాదాపు అంతా వచ్చింది. అక్కడ ఇవి ఒంటరిగా, అర మీటరుకు పైగా లోతున్న బొరియల్లో బతుకుతాయి. తవ్వడం వీటి రక్తంలో ఉన్న పని. బెర్న్‌లోనే కొన్ని హామ్‌స్టర్లకు 10 సెంటీమీటర్లు, కొన్నింటికి 40, కొన్నింటికి 80 సెంటీమీటర్ల మందాన పొట్టు పరిచి చూశారు. అన్నింటికీ చక్రాలు ఉన్నాయి. పది సెంటీమీటర్ల పొట్టు మీద ఉన్నవే కమ్మీలను ఎక్కువగా కొరికాయి. చక్రం మీద ఎక్కువగా పరుగెత్తినవీ అవే. చేయడానికి వేరే పని లేనప్పుడు ఉన్న ఒక్క పనినే అవి అతిగా చేశాయి.

కాబట్టి చక్రాన్ని మాత్రమే చూసి ఆనందమా, విసుగా అని చెప్పలేము. చక్రం దిగాక అది ఏం చేస్తుందో చూడాలి. మేత బుగ్గల్లో కుక్కుకుని దాచుకోవడం, తవ్వడం, ఒళ్లు శుభ్రం చేసుకోవడం, గూడు సర్దుకోవడం మధ్యలో పరుగు ఒక భాగంగా ఉంటే అది దాని ఇష్టమైన పని. రోజూ కమ్మీలు కొరుకుతూ, ఒకే మూలకు ఎక్కి పడుతూ, ఒకే దారిలో అటూ ఇటూ తిరుగుతూ ఉంటే దానికి చోటో లోతో చాలడం లేదని అర్థం. అప్పుడు తప్పు చక్రానిది కాదు, పంజరానిది.

చక్రంలోనూ చూడవలసింది ఉంది. పరుగెత్తేటప్పుడు వీపు తిన్నగా ఉండాలి. విల్లులా వెనక్కి వంగితే చక్రం చిన్నదైనట్టు. ఈ జాతికి 28, 30 సెంటీమీటర్ల అడ్డుకొలతకు తగ్గకూడదు. పరుగెత్తే చోట సందులు లేకుండా ఉండాలి, లేకపోతే కాళ్లు ఇరుక్కుంటాయి. రోజూ పరుగెత్తేది ఒక్కసారిగా మానేస్తే పాదాల్లో పుండ్లున్నాయేమో చూసి, పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

మేము పంజరం మార్చి, పెద్ద గాజు తొట్టి కొన్నాము. సన్నగా చించిన కాగితం 40 సెంటీమీటర్ల మందాన నింపాము. 28 సెంటీమీటర్ల చక్రం పెట్టాము. రెండు రాత్రుల్లోనే అది బొరియ తవ్వి గూడు కట్టుకుంది. గాజు తొట్టిలో కొరకడానికి కమ్మీలు లేవు గనుక, అది మానిందని గొప్ప చెప్పుకోలేము. కానీ మూలలకు ఎక్కి పడటం కనబడలేదు, ముక్కు మీద బొచ్చు మళ్లీ వచ్చింది.

పరుగు మాత్రం మానలేదు. గుమాస్తా బుద్ధి పోదు గదా! చక్రం అంచున గోళ్ల రంగుతో చుక్క పెట్టి మనవరాలితో కలిసి లెక్కపెట్టాము. నిమిషానికి 45 చుట్లు వచ్చాయి. చుట్టుకు 88 సెంటీమీటర్ల లెక్కన నిమిషానికి 40 మీటర్లు. ఆగుతూ ఆగుతూ రాత్రికి మూడు గంటలు పరుగెత్తినా ఏడు కిలోమీటర్లు దాటుతుంది. రాత్రికి ఐదు నుంచి తొమ్మిది కిలోమీటర్లు ఈ జాతికి మామూలే. మా ఇంటావిడ ఇప్పుడు ఆ శబ్దానికి లేవరు. ఇరుసుకు చుక్క కొబ్బరినూనె రాయమని మాత్రం గుర్తుచేస్తుంటారు.