లవంగం సిగరెట్: దగ్గు రాకపోవడమే చిక్కు

పళ్ల డాక్టరు గదిలో అడుగుపెట్టగానే ముక్కుకు తగిలే ఘాటు చాలావరకు యూజినాల్‌ది. లవంగ నూనెలో ఎక్కువ భాగం అదే. తగిలినచోట నరాలను మొద్దుబార్చి పంటి సలుపును అణుస్తుంది. ఇండోనేసియాలో కోట్లమంది తాగే క్రెటెక్ సిగరెట్లలో ఇదే యూజినాల్ గొంతు మీద పనిచేస్తుంది.

క్రెటెక్‌లో పొగాకుతో పాటు, బరువులో 15 నుంచి 40 శాతం దాకా లవంగాల తునకలు ఉంటాయి. 2007లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో 33 బ్రాండ్లను యంత్రంతో కాల్చి పొగను పరీక్షించారు. ఒక్కో సిగరెట్ పొగలో యూజినాల్ 2.5 మిల్లీగ్రాముల నుంచి 37.9 మిల్లీగ్రాముల దాకా తేలింది. అంటే ఒక బ్రాండుకూ మరో బ్రాండుకూ 15 రెట్ల తేడా. రోజుకు పది తాగేవాడికి 25 నుంచి 379 మిల్లీగ్రాములన్నమాట. ఆహారంలో యూజినాల్‌కు నిపుణులు పెట్టిన పరిమితి రోజుకు కిలో బరువుకు 2.5 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి 150. అయితే అది మింగినదానికి పెట్టిన లెక్క. మింగినదాన్ని కాలేయం చాలావరకు మార్చి బయటికి పంపేస్తుంది. పొగలో పీల్చినది నేరుగా ఊపిరితిత్తుల లోపలి పొరకే తగులుతుంది.

గొంతు మొద్దుబారితే పొగ మెత్తగా దిగుతుంది. పది మంది పొగతాగేవారితో చేసిన ఒక పరీక్షలో, తమ మామూలు సిగరెట్‌కు సగటున 9 దమ్ములు లాగినవారే లవంగం సిగరెట్‌కు 15 లాగారు. దాని పొగాకులో నికోటిన్ 7.4 మిల్లీగ్రాములే, మామూలు దాంట్లో 13. అయినా రక్తంలోకి చేరిన నికోటిన్ దాదాపు సమానం! 'తేలికపాటి సిగరెట్' అన్న మాట ఇక్కడే వీగిపోతుంది.

మొద్దుబారడంలో ఇంకో ముప్పుంది. నోటిలోని తడి, కఫం పొరపాటున శ్వాసనాళంలోకి జారినా దగ్గు రావలసినంత రాదు. 1980లలో అమెరికాలో లవంగం సిగరెట్లు తాగినవారిలో తీవ్రమైన జబ్బు కేసులు పదికి పైగా బయటపడ్డాయి. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, రక్తం పడటం, న్యుమోనియా అందులో ఉన్నాయి. కాలిఫోర్నియాలో ఫ్లూ నుంచి కోలుకుంటున్న 17 ఏళ్ల కుర్రాడు 1984లో చనిపోయాడు. వీరిలో కొందరికి అప్పటికే జలుబో, ఉబ్బసమో ఉంది. దగ్గు మందగించి క్రిములు లోపలే నిలిచాయన్నది వైద్యుల అనుమానం. కేసులు కొద్దే కాబట్టి అది అనుమానంగానే మిగిలింది.

జంతువుల మీద ఫలితాలు కలవలేదు. యూజినాల్‌ను నేరుగా ఊపిరితిత్తుల్లో వేస్తే హాని కనిపించింది. పొగను పీల్పించినప్పుడు మామూలు సిగరెట్‌తో పోలిస్తే పెద్ద తేడా తెలియలేదు. ఇండోనేసియాలో క్రెటెక్ తాగేవారికి ఊపిరితిత్తుల పనితీరు దెబ్బతినే ముప్పు 13 నుంచి 20 రెట్లు ఎక్కువన్న అంకె తరచూ వినిపిస్తుంది. ఆ పోలిక అసలు పొగే తాగనివారితో. అందులో లవంగం వాటా ఎంతో, పొగాకు వాటా ఎంతో ఆ అంకె విడదీయదు.

జలుబో జ్వరమో ఉన్నప్పుడు ఇవి తాగి, ఆ తర్వాత ఆయాసం పెరిగినా, కఫంలో రక్తపు జీర కనిపించినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. తాగినది లవంగం సిగరెట్ అని డాక్టరుకు విడిగా చెప్పాలి. ఉత్త 'సిగరెట్' అంటే ఆయన దృష్టి అటు వెళ్లకపోవచ్చు.