అసలులో కోత ఎందుకు పడింది?

రిటైరైన ఒకాయన పది లక్షలు ఐదేళ్లకు ఎఫ్‌డీ వేశారనుకుందాం. వడ్డీ 7 శాతం. ఇంటి ఖర్చులకని మూడు నెలలకోసారి 17,500 చేతికి తీసుకుంటున్నారు. ఏడాది నిండగానే ఆపరేషన్‌కు డబ్బు కావాల్సి వచ్చి డిపాజిట్ రద్దు చేశారు. చేతికొచ్చింది 9,85,000.

బ్యాంకు మోసమేమీ చేయలేదు. డబ్బు ఉన్నది ఏడాదే కాబట్టి, డిపాజిట్ వేసిననాటి ఏడాది రేటే వర్తిస్తుంది. అది 6.5 శాతం అనుకుంటే, జరిమానా ఒక శాతం పోగా మిగిలేది 5.5. అంటే 55,000. ఆయన అప్పటికే 70,000 తీసుకున్నారు. తేడా అసలులోంచి పట్టుకున్నారు. క్యుములేటివ్‌లోనూ ఇదే లెక్క. కాకపోతే అక్కడ వడ్డీ అసలుకు కలుస్తూ పోతుంది కనుక కోత అంతగా కంటికి కనిపించదు. నెలనెలా డబ్బు అక్కరలేనివాళ్లకు నా ఓటు దానికే.

అదే సొమ్మును రెండేసి లక్షల చొప్పున ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదేళ్లకు విడగొట్టి ఉంటే? ఆపరేషన్ నాటికి ఒకటి జరిమానా లేకుండా చేతికొచ్చేది. ఇంకా కావాలంటే మరొకటి మాత్రమే రద్దు చేస్తే సరిపోయేది. అవసరం లేని ఏడు, గడువు తీరినదాన్ని మళ్లీ ఐదేళ్లకు వేసుకోవచ్చు. చిన్న గడువులకు వడ్డీ కాస్త తగ్గొచ్చు. జరిమానా బ్యాంకును బట్టి మారుతుంది. సంతకం పెట్టేముందే అడగండి.