గోడ మీది మాట గల్లాపెట్టె దాకా వస్తుందా?

1970ల మధ్యలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ పెద్దలందరినీ జేమ్స్ బర్క్ ఒకచోట కూర్చోబెట్టారు. కొద్దికాలంలోనే ఆయన ఆ కంపెనీకి అధిపతి అయ్యారు. ఆయన చర్చకు పెట్టింది అమ్మకాల లెక్కలు కావు, గోడకు తగిలించిన ఒక పేజీ పత్రం. దాని పేరు 'క్రెడో'. 1943లో రాబర్ట్ వుడ్ జాన్సన్ రాసిన ఆ పత్రాన్ని అప్పటికి మూడు దశాబ్దాలుగా అన్ని ఆఫీసుల్లోనూ వేలాడదీస్తున్నారు. బర్క్ వాళ్ల ముందు రెండే దారులు పెట్టారు: దీని ప్రకారం నడుద్దాం, నడవలేమంటే గోడ మీంచి తీసేద్దాం. కొందరు వాదించారు, కొందరు నొచ్చుకున్నారు. చివరికి కొన్ని మాటలు మార్చుకుని పత్రాన్ని ఉంచుకున్నారు. తర్వాత ఇతర శాఖల్లోనూ ఇలాంటి సమావేశాలు జరిగాయి.

కంపెనీల విలువల గురించి ఎంతో సాహిత్యం వచ్చింది. నాకు మాత్రం ఈ సమావేశమే అన్నిటికన్నా పనికొచ్చే పాఠంగా కనిపిస్తుంది. తీసేసే అవకాశం నిజంగా ఉన్నప్పుడే, ఉంచుకోవడానికి విలువ వస్తుంది.

ఇంతకీ ఆ పత్రంలో ఉన్నదేమిటి? మన బాధ్యత ఎవరి పట్ల, ఏ వరుసలో అన్నది ఉంది. ముందు మందులు వాడే రోగులు, తల్లులు, డాక్టర్లు, నర్సులు. తర్వాత ఉద్యోగులు. ఆ తర్వాత సమాజం. అందరికన్నా చివర వాటాదారులు. లాభం కోసం పెట్టుబడి పెట్టినవాణ్ని వరుసలో ఆఖరున నిలబెట్టడం చిన్న విషయం కాదు. కంపెనీ షేర్లు ప్రజలకు అమ్మకానికి రాబోతున్న రోజుల్లో రాసిన మాట అది. దాన్ని కాదనే వ్యాపారి ఎవరైనా ఉంటాడు, అతని వాదనలోనూ న్యాయం ఉంటుంది.

మొదటి పరీక్ష ఇక్కడే దొరుకుతుంది. మీ కంపెనీ విలువను తలకిందులు చేసి చదవండి. ఆ తిరగేసిన మాటను తెలివైన పోటీదారు ఎవరైనా ధైర్యంగా చెప్పుకోగలడా? 'నాణ్యత మా ప్రాణం' అన్నదాన్ని తిరగేస్తే 'నాసిరకమే మా ప్రాణం' అవుతుంది. ఆ మాట ఎవరూ అనరు. అంటే మొదటి వాక్యం ఏమీ చెప్పడం లేదన్నమాట. ఎన్రాన్ కంపెనీ ప్రకటించుకున్న నాలుగు విలువలు గౌరవం, నిజాయతీ, సమాచార వినిమయం, శ్రేష్ఠత. 2001లో కుప్పకూలే దాకా అవి అలాగే ఉన్నాయి, ఏ తప్పుడు లెక్కకూ అడ్డు రాలేదు. రెండు మంచి విషయాలు ఢీకొన్నప్పుడు దేన్ని ముందు పెడతామో చెప్పే వాక్యానికే పని ఉంటుంది.

1982 సెప్టెంబరు చివర్లో షికాగో పరిసరాల్లో టైలెనాల్ క్యాప్సూళ్లు వేసుకున్న ఏడుగురు చనిపోయారు. ఎవరో వాటిలో సయనైడ్ కలిపారు. కలిపింది ఫ్యాక్టరీలో కాదని, సరుకు దుకాణాలకు చేరాకేనని దర్యాప్తు చేసినవాళ్లు భావించారు. కంపెనీ తప్పు లేదు, మరణాలు ఒక్క ప్రాంతానికే పరిమితం. అయినా బర్క్ నాయకత్వంలోని కంపెనీ దేశమంతటి నుంచీ సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తెప్పించింది. 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. నొప్పి మాత్రల మార్కెట్లో మూడో వంతుకు పైగా ఉన్న టైలెనాల్ వాటా పదో వంతు కన్నా కిందికి పడిపోయింది. కొద్ది వారాల్లోనే, తెరిస్తే తెలిసిపోయే సీళ్లతో కొత్త సీసాలు వచ్చాయి. ఏడాది తిరక్కముందే పోయిన మార్కెట్‌లో చాలా భాగం తిరిగొచ్చింది. మా నిర్ణయాలకు దారి చూపింది క్రెడోయేనని బర్క్ తర్వాత చాలాసార్లు చెప్పారు.

ఈ కథను బిజినెస్ స్కూళ్లన్నీ ఇక్కడ ఆపేస్తాయి. ఆపకూడదు.

పాతికేళ్ల తర్వాత అదే కంపెనీలో, టైలెనాల్ తయారుచేసే అదే మెక్‌నీల్ విభాగంలో మరో సమస్య వచ్చింది. 2008లో మోట్రిన్ అనే నొప్పి మాత్రలు కొన్ని సరిగా కరగడం లేదని తేలింది. 1982తో పోలిస్తే చాలా చిన్న సంగతి, ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. వెనక్కి తీసుకుంటున్నామని ప్రకటించి ఉంటే రెండు రోజుల వార్త అయి పోయేది. కానీ 2009లో ఒక కాంట్రాక్టు సంస్థ మనుషులు దుకాణాలకు వెళ్లి, మామూలు కొనుగోలుదారుల్లా నటిస్తూ ఆ మాత్రలన్నీ కొనేశారు. ఇది రీకాల్ అన్న మాటే ఎత్తొద్దని వాళ్లకిచ్చిన కాగితంలో రాసి ఉంది. 2010లో అమెరికా కాంగ్రెస్ విచారణలో ఆ కాగితం బయటపడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో పిల్లల సిరప్పులు 13 కోట్లకు పైగా సీసాలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. 2009 మే నెలలోనే ఒక కొనుగోలుదారు పసిపిల్లల టైలెనాల్ సీసాలో నల్లటి నలుసులు కనిపించాయని ఫిర్యాదు చేశారు. అవి లోహపు రేణువులు. 2015లో మెక్‌నీల్ కోర్టులో నేరం ఒప్పుకుని 2 కోట్ల 50 లక్షల డాలర్లు కట్టింది.

క్రెడో అప్పుడూ గోడ మీదే ఉంది. రోగులే మొదటన్న వరుసా అదే. మారిందేమిటి? ఖర్చు తగ్గించుకోవడంలో నాణ్యతను చూసే విభాగం బక్కచిక్కిందని మాజీ ఉద్యోగులు పత్రికలకు చెప్పారు. దానికి తోడు నేను గమనించిన తేడా ఒకటుంది. 1982లో టీవీ కెమెరాలన్నీ కంపెనీ వైపే చూస్తున్నాయి. 2009లో ఎవరూ చూడటం లేదు. నల్ల నలుసు గురించి ఫోన్ చేసిన ఒక తల్లి గొంతు పై అంతస్తు దాకా చేరుతుందా, మధ్యలో ఎవరి టేబుల్ మీదైనా ఆగిపోతుందా అన్నదే అసలు ప్రశ్న.

కాబట్టి పెద్ద ఆపదలో ఏం చేశామన్నది రెండో పరీక్ష కాలేదు. ఎవరికీ తెలియని ఒక చిన్న వ్యవహారాన్ని బయటికి తీయండి. గత రెండేళ్లలో వచ్చిన ఫిర్యాదుల్లోంచి ఏవో పదింటిని చీటీలు తీసినట్టు తీసి, ఒక్కొక్కటీ ఏ రోజు వచ్చింది, ఎవరు చదివారు, ఏ రోజు ఎవరు నిర్ణయం తీసుకున్నారు అని తేదీల వారీగా రాయించండి. ఫైల్ ఎక్కడ ఆగిందో అక్కడ మీ విలువ ఆగింది. వచ్చిన అవార్డులు ఇందుకు బదులు కావు. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌కు 2008లో కార్పొరేట్ పాలనకే గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న లెక్కల్లోని వేల కోట్ల బొంకును దాని ఛైర్మనే ఒప్పుకున్నారు.

మూడో పరీక్ష టార్గెట్ షీటుది. వెల్స్ ఫార్గో బ్యాంకు తన విలువల గురించి ఒక పుస్తకమే వేసింది. ఖాతాదారుకు ఏది మంచిదో అదే చేయాలని అందులో ఉంది. బ్రాంచిలో కూర్చున్న ఉద్యోగికి ఉన్న టార్గెట్ మాత్రం వేరు. ఒక్కో కుటుంబానికి ఎనిమిది రకాల ఖాతాలో, కార్డులో అంటగట్టాలి. రోజు ముగిసేలోగా లెక్క చెప్పాలి. ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండానే వాళ్ల పేర ఖాతాలు తెరిచేశారు. 2016లో బ్యాంకుకు 18 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా పడేనాటికి అలాంటివి 20 లక్షల దాకా ఉండొచ్చని అంచనా. సుమారు 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. పుస్తకం ఒక మాట చెప్పి, జీతం ఇంకో మాట చెబితే మనిషి జీతం మాటే వింటాడు. అతణ్ని తప్పుపట్టే ముందు ఆ షీటు తయారుచేసినవాళ్లు తమ సంతకం చూసుకోవాలి.

ఈ పరీక్షలను మనకు తెలిసిన వ్యాపారం మీద పెట్టి చూద్దాం. ఊళ్లలో పాలు సేకరించే ఒక ప్రైవేటు డెయిరీని ఊహించుకోండి. ప్యాకెట్ మీద 'రైతు మేలే మా లక్ష్యం' అని ఉంది. తిరగేస్తే ఎవరూ అనలేని మాట, కాబట్టి మొదటి పరీక్షలో పోయింది. దాని బదులు 'పాలు ఎక్కువగా వచ్చే రోజుల్లోనూ మా రైతు పాలు వెనక్కి పంపం' అని రాసుకున్నారనుకుందాం. ఇది ఖర్చుతో కూడిన మాట. పాలు పొంగిపొర్లే నెలల్లో మిల్క్ హాలిడే ప్రకటించి చేతులు దులుపుకునే డెయిరీలు ఉంటాయి. ఈ డెయిరీ మిగిలిన పాలను పొడి చేసి, కొన్నిసార్లు నష్టానికి అమ్ముకోవాలి. ఆ నష్టానికి బడ్జెట్లో ఒక పద్దు ఉందా? లేకపోతే ఆ మాట మొదటి కష్టకాలంతోనే సరి.

తర్వాత టార్గెట్ చూడండి. సేకరణ సూపర్‌వైజర్‌కు లీటరు సగటు ధర తగ్గించినందుకు బోనస్ ఇస్తుంటే, ఆ ఒత్తిడి కేంద్రంలో వెన్న శాతం కొలిచే దగ్గరికి దిగుతుంది. అక్కడ ఒక చిన్న గుర్తు చాలు. కొలిచే మిషన్ తెర గుమాస్తా వైపు తిరిగి ఉందా, క్యాన్ పట్టుకుని నిలబడ్డ రైతు వైపు తిరిగి ఉందా? రైతు చేతికి చీటీ వస్తుందా? ఈ డెయిరీ విలువలు చదవడానికి వెబ్‌సైట్ అక్కర్లేదు, ఆ తెర చాలు.

వీటికి పరిమితులూ ఉన్నాయి. ఇప్పుడిప్పుడే మొదలైన కంపెనీకి ఖర్చు పెట్టి చూపించిన చరిత్ర ఉండదు. దానికి రాబోయే నష్టాన్ని ముందే రాసి పెట్టుకోవడమే దారి. పరీక్ష గెలిచిన కంపెనీ ఎప్పటికీ గెలుస్తుందన్న హామీ కూడా లేదు. మెక్‌నీల్ కథ చెప్పేదే అది. ఇంకో సంగతి, డబ్బు పోగొట్టుకోవడమే విలువకు రుజువు అనుకోకూడదు. 2014లో అమెరికా మందుల దుకాణాల సంస్థ సీవీఎస్ సిగరెట్ల అమ్మకం ఆపేసి, ఏడాదికి 200 కోట్ల డాలర్ల అమ్మకాలు వదులుకుంది. ఆరోగ్య సేవల్లో పెద్ద వ్యాపారం చేయాలన్న ఆలోచనా అందులో ఉంది. అయినంత మాత్రాన ఆ నిర్ణయం బోలు కాదు. విలువ, వ్యాపారం ఒకే దారిలో నడవడం తప్పేమీ కాదు.

మీరు ఏ కంపెనీకైనా డైరెక్టరో, మేనేజరో అయితే వచ్చే సమావేశానికి మూడు కాగితాలు తెప్పించండి: మీ విలువల పత్రం, ఈ ఏడాది బోనస్ లెక్కలు, చీటీలు తీసిన పది ఫిర్యాదులు. ఒక్కో విలువకూ మిగతా రెండు కాగితాల్లో సాక్ష్యం వెతకండి. గదిలో అందరికన్నా కింది హోదాలో ఉన్నవాళ్లను ముందు మాట్లాడనివ్వండి, పెద్దాయన నోరు తెరిచాక ఎవరూ నిజం చెప్పరు. సాక్ష్యం దొరకని వాక్యానికి ఆరు నెలల గడువు, ఒక మనిషి పేరు, కొంత డబ్బు కేటాయించండి. కేటాయించడానికి మనసొప్పకపోతే ఆ వాక్యాన్ని ఆ రోజే కొట్టేయండి.