లండను చలి లోకమంతటి చలియేనా?

1683వ సంవత్సరాంతాన ఆరంభమైన శీతకాలంలో లండను నగర మధ్యమున థేమ్సు నది గడ్డకట్టింది. వర్తకులు ఆ మంచుమీదనే గుడారాలు వేసి బజారు తెరిచారు. బండ్లు నడిచాయి. ముద్రాపకులు అచ్చు యంత్రాలను మంచుమీదికి దింపి, వచ్చినవారి పేర్లు కాగితాలపై అచ్చొత్తి జ్ఞాపికలుగా అమ్ముకొన్నారు. మధ్య ఇంగ్లండుకు 1659 నుంచి ఉష్ణోగ్రతల లెక్కలు ఉన్నాయి. వాటి ప్రకారం ఆ చలికాలపు సగటు సున్నకు దిగువన 1.2 డిగ్రీల సెంటీగ్రేడు. అంతటి శీతకాలం ఆ లెక్కల్లో మరొకటి లేదు.

ఈ దృశ్యమే "చిన్న హిమయుగం" అనే మాటకు లోకంలో చిహ్నమైపోయింది. ఆ మాటను 1939లో ప్రచారంలోకి తెచ్చిన భూగర్భశాస్త్రజ్ఞుడు ఫ్రాన్స్వా మాతీస్, గత కొన్ని వేల సంవత్సరాలలో హిమానీనదాలు తిరిగి పెరిగిన సుదీర్ఘకాలాన్ని ఉద్దేశించి వాడాడు. తరువాతివారు దానిని సుమారు 1450 నుంచి 1850 వరకు గల శతాబ్దాలకు కుదించారు. దానికి ముందు, ఇంచుమించు 950 నుంచి 1250 వరకు, ఒక వెచ్చని కాలం ఉండినదని ఇంగ్లండుకు చెందిన హ్యూబర్ట్ లాంబ్ 1965లో ప్రతిపాదించాడు. ఆయన ఆధారాలు ప్రధానంగా ఐరోపావి: పాత దస్తావేజులు, ఇంగ్లండులోని మధ్యయుగపు ద్రాక్షతోటలు మొదలైనవి. 1990లో వెలువడిన మొదటి అంతర్జాతీయ శీతోష్ణస్థితి నివేదికలో గత వేయి సంవత్సరాలను చూపే ఒక రేఖాచిత్రం ఉన్నది. దానికి ఆధారం లాంబ్ మధ్య ఇంగ్లండుకు కట్టిన అంచనాలే. ఒక దేశపు చరిత్ర ఆ విధంగా భూగోళానికంతటికీ చరిత్రగా చెలామణి అయింది.

లాంబ్ చూచినది అబద్ధం కాదు. తన ప్రాంతంలో ఆ వెచ్చదనమూ, ఆ చలీ నిజంగా ఉండినవే. ప్రశ్న వేరు: అవి అన్ని ఖండాలలోనూ ఒకేసారి వచ్చాయా?

మొదట థేమ్సు సాక్ష్యాన్నే పరీక్షిద్దాం. ఆ మహాశీతం గడిచిన రెండేళ్లకే, 1685–86లో, అదే ఇంగ్లండుకు మిక్కిలి వెచ్చని శీతకాలాలలో ఒకటి వచ్చింది. అంటే చిన్న హిమయుగమన్నది ఎడతెగని చలి కాదు. చలికాలాలు తరచుగా వచ్చిన కాలం మాత్రమే. పైగా పాత లండను వంతెన ఇరుకైన కమానులు నీటి వేగాన్ని అడ్డగించి, నది గడ్డకట్టడానికి తోడ్పడేవి. 1831లో ఆ వంతెనను తొలగించారు. పిదప గట్లు కట్టి నదిని ఇరుకుచేసి, వేగవంతం చేశారు. 1962–63లో చలి దారుణంగా ఉన్నా నగర మధ్యమున నది గడ్డకట్టలేదు. నది గడ్డకట్టడమన్నది ఉష్ణోగ్రతను ఒక్కదానినే చెప్పదు.

థర్మామీటరు లేని కాలానికి ప్రకృతి ఉంచిన దస్తావేజులే శరణ్యం. చెట్టు కాండంలోని వార్షిక వలయాలు, ధ్రువాల మంచుపొరలు, పగడాలు, సరస్సుల అడుగున పేరుకొన్న మట్టి, గుహలలోని సున్నపు స్తంభాలు అటువంటివి. వీటిలో ప్రతి ఒక్కటీ తన భాషలో మాట్లాడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతపు దండక గుహను చూడండి. పైకప్పునుంచి రాలే నీటి చుక్కలు నేలమీద సున్నాన్ని పొరలుపొరలుగా పేర్చి ఒక స్తంభాన్ని పెంచాయి. వర్షం విస్తారంగా కురిసిన కాలపు పొరలో తేలికపాటి ఆక్సిజను పాలు హెచ్చు. వర్షం తగ్గితే బరువైన ఆక్సిజను పాలు పెరుగుతుంది. యురేనియం, థోరియం నిష్పత్తిని బట్టి పొర వయస్సు కట్టవచ్చు. 2007లో ప్రకటించిన పరిశోధన, ఈ పద్ధతిలో 600 నుంచి 1500 వరకు గల రుతుపవన చరిత్రను వెలికితీసింది. పద్నాలుగవ శతాబ్దిలోనూ, పదిహేనవ శతాబ్ది ప్రథమార్ధంలోనూ ఏళ్ల తరబడి వానలు తగ్గినట్లు అందులో కనిపిస్తుంది. దక్కనులో దుర్గాదేవి కరవు విజృంభించిన కాలం అదే.

అయితే ఆ స్తంభం చెప్పినది వానను గురించి. వేడిని గురించి కాదు. అనావృష్టి కనిపించిన చోట "ఇదిగో ఉష్ణకాలం" అనీ, హిమానీనదం పెరిగిన చోట "ఇదిగో హిమయుగం" అనీ పేర్లు పెట్టడం వల్లనే చిక్కు వచ్చింది. రెండవ పొరపాటు కాలానికి సంబంధించినది. ఒక చోట పదవ శతాబ్ది వెచ్చన, మరొక చోట పదమూడవది వెచ్చన. రెంటినీ ఒకే పెట్టెలో వేసి "మధ్యయుగ ఉష్ణకాలం" అన్నారు. ఒక ఊరిలో అందరికీ ఏడాదిలో ఎప్పుడో ఒకప్పుడు జ్వరం వచ్చి ఉండవచ్చు. అంతమాత్రాన ఊరంతా ఒకే వారంలో మంచం పట్టిందనగలమా?

ఆ "ఒకే వారం" ప్రశ్నను సూటిగా వేసినవారు స్విట్జర్లండులోని బెర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన రాఫెల్ న్యూకోమ్, ఆయన సహచరులు. ప్రపంచవ్యాప్తంగా సేకరించిన దాదాపు 700 సహజ దస్తావేజుల భాండారాన్ని ఆధారం చేసుకొని, గత రెండు వేల ఏళ్ల ఉష్ణోగ్రతలను ప్రాంతాలవారీగా పునర్నిర్మించారు. ఒక గణిత పద్ధతి లోపం ఫలితాన్ని వంచకుండా ఆరు వేర్వేరు పద్ధతులు వాడారు. ప్రతి ప్రాంతంలోనూ అత్యంత శీతల శతాబ్ది ఏదో, అత్యుష్ణ శతాబ్ది ఏదో చూచారు. 2019లో ప్రకటించిన ఫలితం ఇది: పసిఫిక్ మహాసముద్రపు మధ్య, తూర్పు భాగాలలో చలి పదిహేనవ శతాబ్దిలో పరాకాష్ఠ నందుకొన్నది, వాయవ్య ఐరోపా, ఆగ్నేయ ఉత్తర అమెరికాలలో పదిహేడవ శతాబ్దిలో, మిగిలిన అధిక భాగంలో పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో. మధ్యయుగపు వెచ్చదనం ఏకకాలంలో శిఖరాన్ని చేరిన ప్రాంతం భూమిలో సుమారు నలభై శాతం మాత్రమే.

అన్నిచోట్లా వేర్వేరుగా జరిగితే, అన్నిటికీ ఉమ్మడి కారణమే లేదా? కొంత ఉన్నది. 1257లో ఇండోనేషియాలోని సమలస్ అగ్నిపర్వతం బద్దలైంది. దాని గంధకపు జాడ గ్రీన్లండు మంచులోనూ, అంటార్కిటికా మంచులోనూ దొరికింది. 1815లో తంబోరా బద్దలైనప్పుడు మరుసటి ఏడు ఐరోపాకూ, ఈశాన్య అమెరికాకూ వేసవి కరవైంది. ఇటువంటి విస్ఫోటనాలు సూర్యరశ్మిని అడ్డుకొని భూమిని కొన్నేళ్లు చల్లబరుస్తాయి. అవి వెంటవెంటనే వస్తే ప్రపంచ సగటు సైతం తగ్గుతుంది. చిన్న హిమయుగపు శతాబ్దులలో అది కొంత తగ్గిన మాట నిజమే. కాని ఆ చలి ఏ ప్రాంతంలో ఎప్పుడు ముదిరిందో నిర్ణయించినవి ముఖ్యంగా సముద్ర ప్రవాహాలూ, గాలులూ.

ఈ లెక్కలకు హద్దులున్నాయి. దక్షిణార్ధగోళంలో దస్తావేజులు పలుచన. చెట్టు వలయం ఏ ఏటిదో చెప్పవచ్చు. సముద్రపు అడుగుమట్టి వయస్సులో దశాబ్దాల తేడా రావచ్చు. అట్లయితే ఏకకాలంలో వచ్చిన మార్పును ఈ పద్ధతి గుర్తించలేకపోయిందేమో అన్న సందేహం సహజం. ఆ సందేహాన్ని పరీక్షించే దారి అదే అధ్యయనంలో ఉన్నది. ఇరవయ్యవ శతాబ్దికి వచ్చేసరికి, భూగోళంలో తొంభై ఎనిమిది శాతానికి పైగా ప్రాంతానికి రెండు వేల ఏళ్లలో అదే అత్యుష్ణ కాలమని ఆ పద్ధతులే చూపాయి. అన్నిచోట్లా ఒకేసారి వేడెక్కినప్పుడు అది కనబడకుండా పోలేదు.

కాబట్టి ఎవరైనా "వెయ్యేళ్ల క్రితం కూడా భూమి ఇలాగే వేడెక్కలేదా?" అని అడిగితే, మూడు ఎదురు ప్రశ్నలు వేయవలసి ఉంటుంది: ఎక్కడ? ఏ శతాబ్దిలో? కొలిచినది వేడినా, వాననా? థేమ్సు మీది మంచు బజారు లండనును గురించి చెప్పే సాక్షి. దండక గుహ అప్పట్లో చూచినది వేరొక లోకం.